కరకరలాడాల్సిన మెరింగ్ ఎందుకు చెమరుస్తుంది

మెరింగ్ అంటే కోడిగుడ్డు తెల్లసొన, పంచదార కలిపి గిలకొట్టి, ఆ నురగను సన్నని వేడిమీద ఆరబెట్టిన తీపి పదార్థం. సరిగ్గా కుదిరితే పంటికింద కరకరమని విరిగి, నాలుకమీద ఇట్టే కరిగిపోతుంది. కుదరకపోతే రెండు రకాలుగా చెడుతుంది. ఒక్కోసారి అడుగున చక్కెర పాకం ఊరుతుంది, లేదా పైన తేనెరంగు బొట్లు పూస్తాయి. దీన్ని బేకరీ పనివాళ్లు మెరింగ్ ఏడవడం అంటారు. ఇంకోసారి ఓవెన్‌లోంచి తీసినప్పుడు బాగానే ఉండి, గంట గడిచేసరికి వేలికి అంటుకుంటుంది, పంటికి సాగుతుంది. చూడటానికి రెండింటిలోనూ తడే కనిపిస్తుంది గానీ, ఆ తడి వచ్చే దారులు వేరు. ఏడ్చే మెరింగ్‌లోని తడి దాని లోపలిదే. జిగురెక్కిన మెరింగ్‌లోని తడి మాత్రం చాలావరకు గాలిలోంచి వచ్చింది. అందుకే మొదటిదాన్ని గిన్నెలోనూ ఓవెన్‌లోనూ సరిదిద్దుకోవాలి, రెండోదాన్ని ఓవెన్‌లోంచి తీశాక కాపాడుకోవాలి.

తెల్లసొనలో దాదాపు 88 శాతం నీరే. మిగిలినదంతా ఇంచుమించు మాంసకృత్తులే. గిలకొట్టినప్పుడు ఈ మాంసకృత్తుల పోగులు విడిపోయి, గాలి బుడగల చుట్టూ సన్నని పొరలా అల్లుకుంటాయి. వేసిన పంచదార ఆ పొరలోని నీటిలో కరిగి చిక్కటి పాకమవుతుంది. నీరు బుడగల గోడల్లోంచి తొందరగా జారిపోకుండా పట్టి ఉంచేది ఈ పాకమే. ఓవెన్‌లో నీరు మెల్లగా ఆవిరైపోతే, ఆ పాకం గట్టిపడి బుడగల గోడలుగా మిగులుతుంది. గట్టిపడినది పంచదారే అయినా, డబ్బాలోని పలుకుల్లాంటి పంచదార కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది.

డబ్బాలోని పంచదార స్ఫటికం. అందులో అణువులు ఇటుకలు పేర్చినట్టు వరుసగా, బిగుతుగా ఉంటాయి. నీటి అణువుకు దూరే సందు దొరకదు. అందుకే గాలిలో తేమ 85 శాతం దాకా పెరిగినా పంచదార పలుకు కరగకుండా నిలుస్తుంది. మెరింగ్‌లో పాకానికి అలా వరుసకట్టే వ్యవధి దొరకదు. అణువులు ఎక్కడివక్కడే చెల్లాచెదురుగా బిగుసుకుపోతాయి. కిటికీ గాజులో ఇసుక ఎలా ఉంటుందో ఇందులో పంచదార అలా ఉంటుంది. జాతరలో అమ్మే పీచుమిఠాయి కూడా ఈ గాజు పంచదారే. వానపడే రోజున పీచుమిఠాయి బయట పెడితే ఎలా కుదించుకుపోయి ముద్దవుతుందో అందరూ చూసిందే. మెరింగ్‌కు జరిగేదీ అదే. బుడగల గోడలు కాస్త మందం కాబట్టి కొంచెం ఆలస్యంగా జరుగుతుంది, అంతే.

పొడిగా ఉన్న గాజు పంచదార మెత్తబడాలంటే సుమారు 60 డిగ్రీల పైన వేడి కావాలి. అందులోకి నీరు చేరేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతూ వస్తుంది. నాలుగైదు శాతం నీరు చేరేసరికి మామూలు గది వేడికే మెత్తబడుతుంది. అంటే అప్పటిదాకా పెళుసుగా ఉన్న గోడ అక్కడే, ఆ వేడిలోనే, బంకగా మారుతుంది. ఇంకో ఒకటి రెండు రోజులు అలాగే వదిలేస్తే, కదలడానికి వీలు దొరికిన పంచదార అణువులు మళ్లీ వరుసకట్టి స్ఫటికాలవుతాయి. స్ఫటికంలో నీటికి చోటు లేదు కాబట్టి పట్టుకున్న నీటిని బయటికి వదిలేస్తాయి. అప్పుడు మెరింగ్ కుంగి, లోపల ఇసకలా పలుకుపలుకుగా తయారవుతుంది. ఈ స్థితికి చేరినదాన్ని మళ్లీ ఎంత వేడిచేసినా పాత కరకర తిరిగి రాదు. బంకగా మారిన దశలోనే గమనించి ఆరబెడితే మాత్రం తిరిగి వస్తుంది.

ఇక ఏడవడానికి కారణాలు. వీటిలో మొదటిది కరగని పంచదార. మన దగ్గర దొరికే పంచదార పలుకులు బాగా పెద్దవి, నురగలో అంత తేలిగ్గా కరగవు. కరగకుండా మిగిలిన ప్రతి పలుకూ తన చుట్టూ ఉన్న నీటిని లాక్కుని, ఓవెన్ వేడికి పాకపు బొట్టులా బయటికి వస్తుంది. మిక్సీలో మెత్తగా పొడి చేసిన పంచదారను చెంచా చెంచాగా, చెంచాకీ చెంచాకీ మధ్య అర నిమిషం ఆగి వేయాలి. చివర్లో చిటికెడు నురగను రెండు వేళ్ల మధ్య రుద్ది చూడాలి. ఇసక తగిలితే ఇంకా గిలకొట్టాలి, వెన్నలా నున్నగా జారితే చాలు.

రెండో కారణం అతిగా గిలకొట్టడం. పంచదార వేయకముందే నురగ విరిగి, దూది పింజలు తేలినట్టు కనిపిస్తే మాంసకృత్తుల పోగులు మరీ దగ్గరగా బిగుసుకుని నీటిని పిండేశాయన్నమాట. అలాంటి నురగ ట్రే మీద పెట్టకముందే అడుగున నీరు వదులుతుంది. మూడు తెల్లసొనలకు పావు చెంచా నిమ్మరసం వేస్తే ఆ బిగుతు కాస్త ఆలస్యమవుతుంది.

మూడోది ఎక్కువ వేడి. ఓవెన్ 130, 140 డిగ్రీలకు పోతే పైపొర ముందే గట్టిపడి, లోపలి గాలి ఉబ్బి పగుళ్లు తెస్తుంది. బిగుసుకున్న మాంసకృత్తులు పాకాన్ని బయటికి తోస్తాయి. ఆ పాకమే పైన తేనెరంగు బొట్లుగా నిలుస్తుంది. ఇంట్లో వాడే చిన్న ఓటీజీల్లో గుండీమీది అంకెకూ లోపలి వేడికీ ఇరవై డిగ్రీల తేడా ఉండటం మామూలే. వందల రూపాయల ఖర్చుతో దొరికే ఓవెన్ థర్మామీటరు ఒకటి లోపల వేలాడదీస్తే, మెరింగ్ విషయంలో సగం ఊహలు తప్పుతాయి.

బెల్లంతోనో తేనెతోనో మెరింగ్ చేయాలనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వీటిలో పంచదార విడిపోయి ఏర్పడిన గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. ఫ్రక్టోజు గాలిలోని నీటిని పంచదార కన్నా చాలా ముందే లాక్కుంటుంది. కోస్తాలో బెల్లం మెరింగ్‌ను కరకరలాడేలా నిలబెట్టడం దాదాపు అసాధ్యం. రుచికోసం చేసుకుంటే చేసుకున్న రోజే తినేయాలి.

ఇప్పుడు జూలైలో విశాఖపట్నంలో ఒక సాయంత్రాన్ని తీసుకుందాం. గదిలో వేడి 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం. ఈ గాలిలో మెరింగ్ ఆరుతుందా అన్నది చాలామందికి వచ్చే మొదటి అనుమానం. ఆరుతుంది, నిస్సందేహంగా ఆరుతుంది. గాలి వేడెక్కితే అది పట్టగలిగే నీరు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదే గాలిని ఓవెన్‌లో 95 డిగ్రీలకు వేడిచేస్తే, అందులో ఉన్న నీరు అంతే అయినా, తేమ శాతం 80 నుంచి 4 దరిదాపులకు పడిపోతుంది. వాన కురుస్తున్న ఊళ్లో కూడా ఓవెన్ లోపల ఎడారి గాలే. చిక్కు ఓవెన్‌లో లేదు, దాని తలుపు తీసిన క్షణం నుంచి మొదలవుతుంది.

మూడు గుడ్ల తెల్లసొన 90 గ్రాములు, పొడిచేసిన పంచదార 180 గ్రాములు అనుకుందాం. కరకరలాడే మెరింగ్‌కు తెల్లసొనకు రెట్టింపు బరువు పంచదార ఉండాలన్నది పాత లెక్క. మొత్తం 270 గ్రాములు. గిన్నెకూ కోన్‌కూ అంటుకుని పోయింది పోగా ట్రేలోని బటర్ పేపర్ మీదికి 255 గ్రాములు చేరిందనుకుందాం. అందులో నీరు సుమారు 75 గ్రాములు, ఎండు పదార్థం 180. ట్రేనూ పేపర్‌నూ ముందే తూచి ఆ బరువు రాసిపెట్టుకుంటే, వంటింటి తరాజే ఆరిందో లేదో చెబుతుంది. రంగు, సమయం, వేలితో తట్టి చూడటం వంటివి అన్నీ మోసం చేయగలవు, బరువు చేయదు.

నురగను ఒక్కొక్కటి రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దగా, అంగుళం ఎత్తున పిండుకోవాలి. పెద్దవి చేసేకొద్దీ నడిబొడ్డులోని నీరు బయటికి రావడానికి పట్టే సమయం బాగా పెరుగుతుంది. వానాకాలంలో చిన్నవే మేలు. ఓవెన్‌ను 95 డిగ్రీల దగ్గర నిలిపి, ఫ్యాన్ ఉంటే అది కూడా వేసి ట్రేను లోపల పెట్టాలి. మొదటి అరగంటలో నీరు విపరీతంగా ఆవిరవుతుంది. చిన్న ఓటీజీలో ఆ ఆవిరి పోవడానికి దారి లేకపోతే గాలి నిండిపోయి, ఆరడం ఆగి, మెరింగ్ ఆవిరిలో ఉడికినట్టవుతుంది. తలుపులో ఒక చెక్క గరిటె అడ్డుపెట్టి వేలెడు సందు వదలాలి. ఆ సందువల్ల లోపలి వేడి పడిపోతుంది కాబట్టి థర్మామీటరు చూసుకుంటూ గుండీ కొంచెం పెంచుకోవాలి.

గంటకు ట్రే తీసి తూస్తే మెరింగ్ బరువు 205 గ్రాముల దగ్గర ఉందనుకుందాం. పైన చేత్తో ముట్టుకుంటే పొడిగా, పేపర్ నుంచి విడివడుతున్నట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే ఓవెన్ ఆపేస్తారు. కానీ లెక్క చూస్తే ఇంకా 25 గ్రాముల నీరు అందులోనే ఉంది, అంటే 12 శాతం. చల్లారాక పైపెంకు కిందనుండి ఈ నీరే నెమ్మదిగా పైకి పాకి, మరో గంటలో మొత్తాన్ని జిగురు చేస్తుంది. అలా అయినప్పుడు తప్పు వాతావరణానిది కాదు, ముందే ఆపేయడంలో ఉంది. ఇంకో ముప్పావు గంటకు 190 గ్రాములకు వస్తే నీరు 5 శాతం, ఇప్పటికీ మెత్తబడే హద్దులోనే. 184 గ్రాములకు దిగితే నీరు 2 శాతం. అక్కడ ఆపవచ్చు. రెండుం పావు గంటలు పట్టవచ్చు, మూడు గంటలూ పట్టవచ్చు. ఎంత నురగకైనా వర్తించే గుర్తు ఒకటే: మెరింగ్ ట్రేలోకి వెళ్లినప్పటి బరువులో 72 శాతానికి రావాలి.

బరువు చూసే వీలు లేనివారు ఒక మెరింగ్‌ను తీసి, ఐదు నిమిషాలు చల్లార్చి, విరిచి చూడాలి. ఓవెన్‌లో ఉన్నప్పుడు విరిచి చూడటం వల్ల లాభం లేదు. 95 డిగ్రీల దగ్గర గాజు పంచదార సహజంగానే మెత్తగా ఉంటుంది కాబట్టి బాగా ఆరినది కూడా వేడిమీద సాగినట్టే అనిపిస్తుంది. చల్లారాక నడిమి భాగం కూడా పైపెంకులాగే పొడిపొడిగా విరిగితే పూర్తయినట్టు. నడుమ చూయింగ్ గమ్‌లా సాగితే ఇంకో అరగంట.

ఇక్కడినుంచి కోస్తా వారికి విదేశీ వంటపుస్తకాల సలహా పనికిరాదు. ఓవెన్ ఆపేసి, మెరింగ్‌ను రాత్రంతా లోపలే వదిలేయమని వాటిలో ఎక్కువగా ఉంటుంది. చలికాలంలో హీటర్లతో ఇళ్లలో గాలి ఎండిపోయే దేశాల్లో అది చక్కటి సలహా. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నాల్లోనూ పనిచేయవచ్చు. విశాఖలో జూలై రాత్రి మాత్రం ఓవెన్ అర్ధరాత్రికల్లా గది వేడికి దిగిపోతుంది. దాని తలుపు గాలి చొరనంత బిగుతుగా ఉండదు. తెల్లవారేదాకా ఐదారు గంటలు మెరింగ్ ఆ 80 శాతం తేమలోనే కూర్చుంటుంది. పొద్దున తలుపు తీసి చూసి, సరిగ్గా ఆరలేదని వాపోయేవారు నిజానికి ఆరినదాన్నే మళ్లీ తడిపినవారు.

ఎందుకంత త్వరగా తడుస్తుందో పై లెక్కే చెబుతుంది. 184 గ్రాముల మెరింగ్ 190 గ్రాములయితే 5 శాతం నీరు చేరినట్టు, అంటే మెత్తబడిపోయినట్టు. మధ్యలో తేడా 6 గ్రాములే, ఒక టీ చెంచా కన్నా కొంచెం ఎక్కువ నీరు. అంత పెద్ద ట్రే నిండా ఉన్న మెరింగ్‌ను పాడుచేయడానికి చెంచాడు నీరు చాలు. ఆ సాయంత్రపు గాలిలో ఒక ఘనమీటరుకు సుమారు 24 గ్రాముల నీరుంటుంది. ఒక గది గాలిలో ఎన్ని చెంచాల నీరు తిరుగుతోందో దీన్నిబట్టి ఊహించవచ్చు. అదే గాలి ఐదు లీటర్ల డబ్బాలో పడితే అందులో ఉండేది 0.12 గ్రాములే. మూసిన డబ్బా మెరింగ్‌ను ఎందుకు కాపాడుతుందో, తెరిచి ఉంచిన పళ్లెం ఎందుకు కాపాడదో ఈ రెండు అంకెల్లో ఉంది.

కాబట్టి ఓవెన్ ఆపాక మెరింగ్‌ను లోపలే ఉంచి, వేడి 50 డిగ్రీలకు దిగేదాకా మాత్రమే ఆగాలి. ఆ వేడి దగ్గర ఓవెన్ గాలిలో తేమ 30 శాతం లోపే ఉంటుంది, మెరింగ్‌కు పెద్దగా ప్రమాదం లేదు. థర్మామీటరు లేకపోతే, ట్రే అంచు పట్టుకున్నప్పుడు చెయ్యి చురుక్కుమనకుండా, వేడి మాత్రం గట్టిగా తెలిసే దశ అనుకోవాలి. డబ్బా మూత ముందే తీసిపెట్టుకుని, ట్రే బయటికి రాగానే నిమిషాల్లో సర్దేసి మూత బిగించాలి. వేడిగా మూస్తే ఆవిరి పట్టి తడుస్తుందన్న భయం ఇడ్లీలకు, రొట్టెలకు సరిపోతుంది, బాగా ఆరిన మెరింగ్‌కు కాదు. ఆవిరిగా మారేందుకు దానిలో నీరే మిగల్లేదు. మూత లోపలివైపు తేమ పొర కనిపించిందంటే లోపల ఆరలేదని అర్థం, వెంటనే తిరిగి ఓవెన్‌లో పెట్టాలి.

డబ్బా విషయంలో మన ఇళ్లలోని స్టీలు డబ్బాలు చాలావరకు గాలి చొరబడేవే. రబ్బరు వాసరు ఉన్న గాజు సీసా, లేదా బిగుతుగా క్లిప్పులు పడే ప్లాస్టిక్ డబ్బా మంచిది. డబ్బా ఖాళీ లేకుండా నిండుగా ఉండాలి, సగం ఖాళీ ఉన్న పెద్ద డబ్బాకన్నా రెండు చిన్న డబ్బాలు మేలు. లోపల ఆహారానికి వాడదగిన సిలికాజెల్ పొట్లం ఒకటి వేస్తే, మూత తీసినప్పుడల్లా దూరే కొద్దిపాటి తేమను అది తీసుకుంటుంది.

ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అదే ఉపాయం మెరింగ్‌కూ పనికొస్తుందనుకుంటే పొరపాటు. మామూలు బియ్యంలోనే 12, 13 శాతం నీరుంటుంది. ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ చెమర్చదు కాబట్టి, బియ్యం ఆ హద్దు కింద ఉంచగలుగుతాయి. మెరింగ్‌కు కావాల్సింది అంతకన్నా ఎంతో పొడిగాలి. దాని డబ్బాలో వేసిన బియ్యం తేమను పీల్చకపోగా తమ తేమనే దానికి ఇస్తాయి. ఫ్రిజ్ కూడా పనికిరాదు. చల్లని మెరింగ్‌ను బయటికి తీసిన క్షణాన విశాఖ గాలి దానిమీద మంచుబిందువుల్లా కమ్ముకుంటుంది. ఏసీ గది పరవాలేదు. తేమ సగానికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి వడ్డించేటప్పుడు పది నిమిషాలకు బదులు మరికొంత సమయం ఇస్తుంది, నిల్వకు మాత్రం సరిపోదు.

క్రీమ్‌తో, పండ్లతో వడ్డించాలంటే తేమ పక్కనుంచే వస్తుంది. మెరింగ్ అడుగున కరిగించిన చాక్లెట్‌ను కుంచెతో పలుచగా పూసి ఆరనిస్తే, ఆ కొవ్వు పొర నీటికి అడ్డుకట్ట అవుతుంది. అలా పూసినా క్రీమ్ పెట్టడం మాత్రం వడ్డించే ముందే.

తేమ ఊళ్లో మెరింగ్ బతకదనుకునేవారికి తమిళనాడులోని తూత్తుకుడి ఉదాహరణ. సముద్రం ఒడ్డునే ఉన్న ఈ రేవు పట్టణం పేరు అక్కడి మాకరూన్‌లతో ముడిపడిపోయింది. ఇవి తెల్లసొన, పంచదార, జీడిపప్పు పొడితో చేసే కోన్ ఆకారపు మెరింగ్‌లే. ఉప్పుగాలి వీచే ఊళ్లో అవి అమ్ముడుపోతున్నది బాగా ఆరబెట్టి, గాలి తగలకుండా కవర్లలో కట్టడం వల్లే. కవరు విప్పి బల్లమీద వదిలేస్తే వాటికీ అదే గతి.

ఇంట్లో చేసినది రెండో రోజుకు కాస్త సాగుతూ ఉంటే పారేయనక్కర్లేదు. విరిచి చూసి లోపల ఇసకలా పలుకులు లేవని తేలితే, ట్రేమీద దూరదూరంగా పరిచి 90 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి. ఒకటి చల్లార్చి విరిచి చూశాక, మిగతావాటిని వెచ్చవెచ్చగానే డబ్బాలోకి ఎత్తాలి. పలుకులు కట్టినవాటిని మాత్రం చిదిమి ఐస్‌క్రీమ్ మీద చల్లుకోవడమే ఉపయోగం.